మధ్యలో విడిచిన చోటు

ఒకే మాట పద్నాలుగు సార్లు. స్విస్ కవి ఓయ్‌గెన్ గోమ్రింగర్ 1950ల తొలినాళ్లలో రాసిన ఒక కవితలో ఉన్నది అంతే. ఆ మాటకు అర్థం మౌనం. వరుసకు మూడు చొప్పున అయిదు వరుసల్లో, ఒకదాని కింద ఒకటి నిలువునా సరిగ్గా కూర్చునేలా అచ్చువేశారు. మూడో వరుసలో మాత్రం ఎడమన ఒకటి, కుడిన ఒకటి ఉండి, నడుమ మాట పట్టేంత జాగా ఖాళీగా ఉంటుంది. విరామచిహ్నాలు లేవు, క్రియ లేదు, కవి అభిప్రాయం లేదు. గోమ్రింగర్ బొలీవియాలో పుట్టినవాడు కావడంతో ఇది స్పానిష్‌లోనూ జర్మన్‌లోనూ ఉంది. కాగితం మీది అమరికే కవితలో భాగమయ్యే ఈ తరహా రచనకు కాంక్రీట్ కవిత్వమన్న పేరు ఆ దశకంలోనే స్థిరపడింది. ఐరోపాలో గోమ్రింగర్, బ్రెజిల్‌లో సావో పావులో కేంద్రంగా నోయిగాండ్రెస్ బృందం దానికి పునాదులు వేశారు. ఇలాంటి కవితను చూసి చాలామంది ‘బాగుంది’ అనో ‘ఇదేం కవిత్వం’ అనో పేజీ తిప్పేస్తారు. రెండు సందర్భాల్లోనూ జరిగింది చూడటమే, చదవటం కాదు.

చదవాలంటే ముందు చూపు ఏ దారిన నడుస్తోందో గమనించాలి. మామూలు కవితలో మొదటి పాదం తర్వాతే రెండో పాదం మనసుకు ఎక్కుతుంది. ఇక్కడ ఒక్క మాటా చదవకముందే నడిమి ఖాళీ కంట పడుతుంది. ఆ తర్వాత పైనుంచి చదువుకుంటూ వస్తే మొదటి రెండు వరుసల్లో ఆరు మాటలు, మూడో వరుసలో ఒకటి, మొత్తం ఏడు అవుతాయి. ఎనిమిదో చోట మాట లేదు. దాని తర్వాత మళ్లీ ఏడు. పదిహేను గడుల్లో ఎనిమిదోది అచ్చంగా నడిమిది కాబట్టి, ఎటు నుంచి చదివినా అక్కడికి ఒకే దూరం. ఆ ఖాళీని చివరి వరుస చివరికి జరిపి చూడండి. మాటలు అయిపోయాయనో, అచ్చులో ఒకటి జారిపోయిందనో అనిపిస్తుంది. మొదటి గడిలో పెడితే పేరా మొదట్లో విడిచే జాగాలా కనిపిస్తుంది. ఖాళీని పూరించి పదిహేను మాటలూ వేసేస్తే మిగిలేది ఒట్టి జాబితా. నాలుగు వైపులా మాటలు కాపలా ఉన్నప్పుడే ఆ జాగా లోటుగా కాక, ఉద్దేశించి విడిచిన చోటుగా తెలుస్తుంది.

ఇంతకీ ఆ చోటు ఏం చెబుతోంది? దీనికి సమాధానం మన అలంకారశాస్త్రంలోనే సూటిగా దొరుకుతుందని నా నమ్మకం. రసాన్ని దాని పేరుతో చెబితే రసం పుట్టదని ఆనందవర్ధనుడు అన్నాడు. శృంగారమన్న మాట పద్యంలో ఎన్నిసార్లు వచ్చినా చదువరికి శృంగారం కలగదు. అది విభావానుభావాల ద్వారా స్ఫురించాలే తప్ప పేరు పెట్టి పిలిస్తే పలకదు. మమ్మటుడు ఇలా పేరెత్తి చెప్పడాన్ని రసదోషాల్లో చేర్చాడు. గోమ్రింగర్ కవిత ఆ సూత్రాన్ని పేజీ మీద చేసి చూపిస్తుంది. మౌనమని అన్న పద్నాలుగు చోట్లా మౌనం లేదు, ఎందుకంటే అక్కడ మాట ఉంది. అనకుండా వదిలిన ఒక్క చోటే అది ఉంది. వాచ్యమంతా చుట్టూ నిలబడి, తనలో లేనిదాన్ని నడుమ స్ఫురింపజేస్తోంది. అచ్చు ఆకారాన్ని తీసేస్తే ఈ ధ్వనికి నిలవడానికి చోటే ఉండదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సందేహం రావాలి, వస్తుంది కూడా. ఇది మన బంధకవిత్వమే కదా, చిత్రకావ్యం అసలు కావ్యం కాదని, కావ్యానికి అనుకరణ మాత్రమేనని అన్నది కూడా ఆ ఆనందవర్ధనుడే కదా అని. ఆక్షేపణ బలమైనదే. కాని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎనిమిది రేకుల పద్మబంధంలో కర్ణికలోని ఒకే అక్షరానికి రేకు రేకు నుంచీ తిరిగి వస్తూ పద్యం చదువుకోవాలి. ఒక అక్షరాన్ని అన్ని అన్వయాల్లో ఇమిడ్చిన కవి నేర్పు అక్కడ తెలుస్తుంది. అయితే ఆ పద్యాన్ని బొమ్మలోంచి తీసి నాలుగు పాదాలుగా రాస్తే ఛందస్సు చెడదు, అర్థం మారదు. పద్మం పద్యానికి వేసిన కఠిన నియమమే కాని, పద్యం చెప్పే మాటల్లో ఒకటి కాదు. ఆనందవర్ధనుడి అభ్యంతరం వ్యంగ్యం లేని చాతుర్యం మీద. గోమ్రింగర్ కవితలో చాతుర్యం అత్యల్పం, ఉన్నదంతా వ్యంగ్యమే. ఆనందవర్ధనుడు ఏమనేవాడో మనం ఊహించనక్కర్లేదు, ఆయన ఇచ్చిన కొలబద్దతో కొలిస్తే చాలు.

నోటితో చదవలేనిది కవిత్వమెలా అవుతుందన్నది మరో ప్రశ్న. పద్యాన్ని రాగం తీసి పాడుకునే జాతికి ఈ ప్రశ్న సహజం. ఏడుసార్లు మాట పలికి, ఒక క్షణం ఆగి, మళ్లీ ఏడుసార్లు పలకవచ్చు. కాని వినేవాడికి ఆ ఆగడం ఎనిమిదో స్థానంలోనే ఎదురవుతుంది, ఆ తర్వాత ఎన్ని మాటలు ఉన్నాయో అతనికి తెలియదు. అది ఊపిరి తీసుకోవడమో, ముగింపో చెప్పలేడు. పేజీ మీద మాత్రం ఖాళీ, దాని చుట్టూ ఉన్న పద్నాలుగు మాటలు ఒకేసారి కనిపిస్తాయి. చెవికి అందని ఏకకాలత అది. నష్టం ఉందని ఒప్పుకోవాలి. ఈ కవిత కంఠస్థం కాదు, గుర్తుండేది దాని నమూనా మాత్రమే.

ఆకారాన్ని తీసేస్తే ఏం పోతుందన్న పరీక్షలో ఆకారమున్న ప్రతి కవితా నెగ్గదు. జార్జ్ హెర్బర్ట్ ‘ఈస్టర్ వింగ్స్’ 1633లో అచ్చయింది. ఒక్కో చరణంలో పాదాలు అయిదు గణాల నుంచి ఒక్కొక్కటి తగ్గుతూ ఒక్క గణానికి కుంచించుకుపోయి, మళ్లీ అలాగే విచ్చుకుంటాయి. కవిత చెప్పేదీ మనిషి పతనం, తిరిగి లేవడం గురించే. తొలి ముద్రణలో పాదాలను నిలువుగా తిప్పి వేయడంతో రెక్కలు తెలిశాయి. అడ్డంగా వేసే నేటి ముద్రణల్లో చాలామందికి అవి ఇసుక గడియారంలా కనిపిస్తాయి. 1711లో స్పెక్టేటర్ పత్రికలో జోసెఫ్ అడిసన్ ఇలాంటి కవితల్ని బూటకపు చమత్కారమని కొట్టిపారేస్తూ హెర్బర్ట్ పేరూ ఎత్తాడు. నేను ఒప్పుకోను. అక్కడ పాదం కుంచించుకుపోవడం చెవికీ తెలుస్తుంది, కంటికి కనబడే రెక్క ఆ లయకు పటం. కాని ప్రేమ గురించి రాసిన పాదాలను గుండె ఆకారంలో నరికి పేర్చినప్పుడు అడిసన్ మాట నిజమే అవుతుంది. పాదం ఎక్కడ విరిగిందో దానికి అర్థంతో గాని లయతో గాని సంబంధం ఉండదు. మాటలు చెప్పినదే బొమ్మ మళ్లీ చెబుతుంది. పాదాలన్నీ ఎడమ అంచుకు తెచ్చి మామూలుగా రాసుకుంటే, ఏం పోయిందో అప్పుడే తేలుతుంది.

ఆకారమే అర్థమైనప్పుడు అచ్చు తప్పు పాఠదోషమవుతుంది. గోమ్రింగర్ కవితను టైపు చేసే చోట పక్కపక్కన ఉన్న ఖాళీలన్నీ కుంచించుకుని ఒక్క స్పేస్‌గా మారితే మూడో వరుస పొట్టిదైపోయి, కుడి అంచు లోపలికి వస్తుంది. అలా కనబడితే మన ముందున్నది ఆ కవిత కాదు. మాటల మధ్య ఎడం మరీ ఎక్కువైనా ముప్పే, ఖాళీ గడి మిగతా సందుల్లో కలిసిపోతుంది. దీన్ని తెలుగులో కూర్చేవారికి అదనపు చిక్కుంది. గుడులు, ఒత్తుల కోసం వరుసల మధ్య మనం విడిచే ఎడం రోమన్ లిపికన్నా ఎక్కువ. నిలువు సందులు పెరిగితే అయిదు వరుసలు విడివిడి పంక్తులుగా చెదిరిపోతాయి, నాలుగు వైపులా మూసుకోవలసిన చోటు పైనా కిందా తెరుచుకుంటుంది. అందుకే ఒత్తులు లేని మాటను ఎంచుకుని, వరుసలను దగ్గరకు లాగి, అడ్డం ఎడాన్ని నిలువు ఎడానికి సరిపోల్చి, దూరం నుంచి చూసినప్పుడు పద్నాలుగు మాటలూ ఒకే దిమ్మగా నిలిచేదాకా సరిచేయాలి.