పిప్ బూట్లు ఎప్పుడు మొరటువయ్యాయి?

చార్లెస్ డికెన్స్ 1860-61లో సీరియల్‌గా రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవలలో పిప్ తల్లిదండ్రులు లేని పిల్లవాడు. అక్క ఇంట్లో, కమ్మరి పని చేసే బావ జో దగ్గర పెరుగుతాడు. ఒకరోజు అతన్ని ఒక ధనవంతురాలి ఇంటికి ఆడుకోవడానికి పంపుతారు. అక్కడి పెంపుడు కూతురు ఎస్టెల్లా పేకాటలో అతన్ని చూసి నవ్వుతుంది. ‘నేవ్’ అనాల్సిన ముక్కను ‘జాక్’ అంటున్నాడట. చేతులు మొరటువట, బూట్లు మందమట. నిన్నటిదాకా అవి పనికొచ్చే బూట్లే. ఆమె చూశాకే పిప్‌కి సిగ్గయ్యాయి. కాబట్టి నవలలో ఒక బట్టనో బూటునో వర్ణించినప్పుడు మనం మొదట అడగాల్సింది, అది ఎవరి కళ్లతో కనిపిస్తోంది అని.

తిండి దగ్గరకు వద్దాం. ఎస్టెల్లా రొట్టె, మాంసం, బీరు తెచ్చి, మగ్గును పెరట్లో రాళ్ల మీద పెట్టి, అతని ముఖం చూడకుండా ఇస్తుంది. తప్పు చేసిన కుక్కకు పెట్టినట్టు ఉందని పిప్ ఏడుస్తాడు. కథ మొదట్లో అతనే బురదనేలల్లో దాక్కున్న ఖైదీకి తిండి దొంగిలించి తెచ్చి ఇచ్చాడు. ఆ ఖైదీ తినే తీరు చూసినా అతనికి కుక్కే గుర్తొచ్చింది. కానీ మీకు నచ్చినందుకు సంతోషం అన్నాడు. ఆకలి రెండుచోట్లా ఒకటే. పెట్టిన తీరులోనే తేడా.

తర్వాత ఎవరో చెప్పని దాత డబ్బుతో పిప్ లండన్‌లో పెద్దమనిషి అవుతాడు. జో చూడటానికి వస్తాడు. పండగ బట్టల్లో బిగుసుకుపోయి, టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక, పెంచిన పిల్లవాణ్ణే ‘సర్’ అంటాడు. డబ్బిచ్చయినా అతన్ని రాకుండా ఆపేవాణ్ణని పిప్ అనుకుంటాడు. వెళ్లేటప్పుడు జో మాత్రం, ఈ బట్టల్లో నేను కుదరను, కొలిమి దగ్గర సుత్తితో చూస్తే నాలో ఇంత తప్పు కనపడదు అంటాడు. అతనిది మొరటుతనం కాదని, చోటు మారడమని ఇక్కడ తెలుస్తుంది.

చివరికి తెలిసేదేమిటంటే, పిప్ సూట్లకు డబ్బు పంపింది ఆ ఖైదీయే. ఆస్ట్రేలియాకు తరలించబడి, గొర్రెలు కాసి సంపాదించిన డబ్బు అది. బూట్లను చూసి నవ్విన ఎస్టెల్లా కూడా ఆ ఖైదీ కూతురే. ఆమెకు ఆ సంగతి తెలియదు.

అందుకే ఇలాంటి నవలలో కోటు గుడ్డను మాత్రమే చూస్తే మనం ఎస్టెల్లా చదివినట్టే చదువుతాం. ఆ కోటు ఎవరి చెమటతో వచ్చిందో కూడా వెతికితే, ఆమె నవ్విన బూట్లు మనకు మళ్లీ పనికొచ్చే బూట్లుగానే కనిపిస్తాయి.