మిమ్మల్నే ఎందుకు తీసేశారు?

హైదరాబాద్ ఐటీ ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్నను బల్లకు ఇవతలి వైపు కూర్చుని చాలాసార్లు అడిగాను. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, ఆ తర్వాత రెండు నెలలకే గూగుల్ 12 వేల మందిని తీసేశాక లేఆఫ్ అంటే ఎవరూ ఉలిక్కిపడడం లేదు. అడిగేవాడికి కావలసింది ఉద్యోగం పోయిన కథ కాదు. ఆ పోస్టు అవసరం తీరిందా, ఈ మనిషి పని నచ్చలేదా అన్నది ఒకటి. పాత కంపెనీ మీద కోపాన్ని ఇక్కడికీ మోసుకొస్తాడేమో అన్నది రెండోది.

మా తమ్ముడి స్నేహితుడొకడు టెస్టర్. ఏడేళ్ళ అనుభవం. అమెరికా రిటైల్ క్లయింటు ప్రాజెక్టు ఆపేస్తే టీమ్‌లోని 14 మందిలో 9 మంది బెంచ్ మీదికి వచ్చారు. రెండు నెలలు చూసి హెచ్‌ఆర్ పిలిచి రాజీనామా మెయిల్ పెట్టమంది. ఇంటర్వ్యూకి ముందు నా దగ్గర ఒకసారి చెప్పి చూస్తానన్నాడు.

"రాత్రింబవళ్ళు పనిచేశానన్నా. మా మేనేజరు తనకు కావలసినవాళ్ళను ఉంచుకున్నాడు. వాళ్ళకు మనుషులంటే లెక్కే లేదు."

ఇందులో ప్రతి మాటా నిజమే కావచ్చు. కానీ వినేవాడు ఆ మేనేజర్ని చూడలేదు. ఫిర్యాదు వినగానే, 'అవతలివాడు ఏమంటాడో' అన్న ఊహ దానంతటదే మొదలవుతుంది. పైగా అతని జవాబులో 'వాళ్ళు' ఎక్కువ, 'నేను చేసిన పని' తక్కువ. చేదు ఎక్కడుందో పట్టుకోవాలంటే జవాబును ఫోన్‌లో రికార్డు చేసుకుని 'వాళ్ళు' ఎన్నిసార్లు వచ్చిందో వింటే చాలు.

కూర్చుని మళ్ళీ అల్లాం. చివరికి ఇలా తేలింది: "క్లయింటు ప్రాజెక్టు ఆపేసింది. 14 మందిలో 9 మందిమి బయటికి వచ్చాం, అందులో నేనొకణ్ణి. అక్కడ రెండు రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టింగును ఆటోమేట్ చేసి ఆరు గంటలకు తెచ్చాను. మీ పేమెంట్స్ టీమ్ నెలకు రెండు రిలీజులు చేయాలనుకుంటున్నట్టు మీ ప్రకటనలో చూశాను. నేను చేసిన పని అక్కడ సరిగ్గా పనికొస్తుందనుకుంటున్నాను."

అర నిమిషం కూడా పట్టదు. లేఆఫ్‌కు రెండు వాక్యాలు, తన పనికి ఒకటి, ఎదుటి కంపెనీకి రెండు. తర్వాత ఆగిపోవాలి. మనవాళ్ళకు కష్టమైంది అదే. ఎదుటివాడు ఒక్క క్షణం మౌనంగా ఉంటే చాలు, ఆ ఖాళీని నింపడానికి మళ్ళీ మేనేజర్ని లాక్కొస్తారు.

అసలు పరీక్ష దీని తర్వాతి ప్రశ్న: "మరి మిగిలిన ఐదుగురిలో మీరెందుకు లేరు?" నేనైతే తప్పకుండా అడుగుతాను. 'అదృష్టం' అంటే అది జవాబు కాదు. ఇతని విషయంలో నిజమేమిటంటే, ఆ ఐదుగురికీ క్లౌడ్ పని తెలుసు, వేరే ప్రాజెక్టుకు సర్దారు. ఇతనికి సెలీనియం తప్ప ఇంకోటి రాదు. అదే చెప్పమన్నాను, తర్వాత ఏం చేశాడో కలిపి: "అప్పటి నుంచి ప్లేరైట్ నేర్చుకుంటున్నాను, రాసిన టెస్టులు గిట్‌హబ్‌లో ఉన్నాయి, చూపించమంటారా?" ఇది చెప్పాలంటే ఆ టెస్టులు నిజంగా రాసి ఉండాలి. లేకపోతే మరుసటి ప్రశ్నకే దొరికిపోతాడు.

కాగితాల సంగతి వేరే. రిలీవింగ్ లెటర్‌లో 'రాజీనామా' అని ఉంటుంది, నోట 'లేఆఫ్' అని వస్తుంది. భయపడి కొందరు 'మంచి అవకాశాల కోసం నేనే మానేశాను' అంటారు. చేతిలో ఇంకో ఆఫరు లేకుండా మానేసి నాలుగు నెలలు ఖాళీగా ఎందుకున్నావంటే దానికి సమాధానం ఉండదు. పీఎఫ్ యూఏఎన్ రికార్డులో చేరిన తేదీ, వెళ్ళిన తేదీ ఉంటాయి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో వాటిని సరిచూసే కంపెనీలు చాలానే ఉన్నాయి. "ప్రాజెక్టు మూతపడింది, కంపెనీ రాజీనామా అడిగింది, లెటర్‌లో అలాగే ఉంది" అంటే కాగితానికీ మాటకూ పేచీ ఉండదు. అయితే పనితీరు బాగాలేదని పీఐపీలో పెట్టి పంపినదాన్ని మాత్రం లేఆఫ్ అనకూడదు. అది వేరే జవాబు, వేరే తయారీ.

చివర్లో జీతం మాట వస్తుంది. ఉద్యోగం లేదు కదా అని అడక్కముందే తగ్గించుకునేవాళ్ళను చూశాను, అలా చేయొద్దు. నోటీసు పీరియడ్ 90 రోజులుండే చోట సోమవారమే చేరగలిగినవాడి అవసరం కంపెనీకి ఉంటుంది. "వెంటనే చేరతాను" అని చెప్పి, అంకె వాళ్ళనే ముందు చెప్పనివ్వమన్నాను.