అక్టోబరు 31 రాత్రి ఏ నెల కిందికి వస్తుంది?

నాకు చెల్లెలి వరసయ్యే అమ్మాయి ఒకరు కాకినాడలో ఇంట్లోనే కూర్చుని న్యూయార్క్ కంపెనీ ఒకదానికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. గంటకు 20 డాలర్లు. 2025 నవంబరు ఇన్‌వాయిస్‌లో ఒక వరుస దగ్గర అక్కడి అకౌంట్స్ వాళ్లు ఆగిపోయారు. నవంబరు 1, గంటన్నర, 30 డాలర్లు. ఆ రోజు శనివారం కదా, మేము ఎవరికీ పని చెప్పలేదే అని అడిగారు.

"చేశాను అన్నయ్యా! టెస్టులన్నీ వాళ్ల సిస్టమ్‌లోనే ఉన్నాయి. నేనేదో దొంగ లెక్క రాసినట్టు అడుగుతారేంటి?" అని నాకు ఫోన్ చేసింది. చిన్న బృందం ఒకదానికి గంటల పద్దు చూసే పని నాది కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకే వస్తాయి.

టైమ్‌షీట్ తెప్పించి చూస్తే ఇద్దరి మాటా నిజమే. ఆమె శుక్రవారం, అక్టోబరు 31 రాత్రి 8 గంటలకు కూర్చుని తెల్లవారుజామున ఒకటిన్నరకు లేచింది. అర్ధరాత్రి దాటగానే ఇక్కడ నెల మారింది. అందుకని నాలుగు గంటలు అక్టోబరులోనూ గంటన్నర నవంబరులోనూ వేసింది. న్యూయార్క్‌లో ఆ పనంతా శుక్రవారం ఉదయం 10:30కి మొదలై సాయంత్రం 4కి అయిపోయింది. వాళ్ల లెక్కలో అందులో నవంబరు అన్నదే లేదు. పైగా అక్టోబరు ఖాతా అప్పటికే మూసేశారు.

నేను చూసినంతలో గొడవ ఎన్ని గంటలు పనిచేశారన్న దగ్గర రావడం తక్కువ. ఆ గంటలు ఏ రోజు కింద వేయాలన్న దగ్గరే వస్తుంది. మనకు ఇదేమీ వింత కాదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు తమ ఊరికి గుణించిన పంచాంగం చూస్తారు గానీ హైదరాబాదు పంచాంగంతో పండగ చేసుకోరు. తిథి ఒకటే అయినా అది ఏ తేదీన పడుతుందో ఊరే చెప్పాలి. టైమ్‌షీట్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఏ ఊరి తేదీ అని ఎవరూ అడగరు.

అందుకే నేను రెండు ప్రశ్నలను విడదీస్తాను. ఎంతసేపు పనిచేశారన్నది ఒకటి, అది ఏ రోజు పద్దన్నది రెండోది. మొదటిదానికి ఏ ఊరి గడియారమూ వద్దు, యూటీసీ చాలు. మన టైమ్ దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది, ఏడాది పొడవునా అంతే. న్యూయార్క్ మాత్రం చలికాలం ఐదు గంటలు, వేసవి సమయంలో నాలుగు గంటలు వెనక ఉంటుంది.

ఆ మార్పు జరిగే రోజున స్థానిక గడియారంతో లెక్క కడితే ఏమవుతుందో అదే వారాంతంలో తేలిపోయింది. నవంబరు 2 ఆదివారం అర్ధరాత్రి దాటాక రెండు కావాల్సిన చోట న్యూయార్క్ గడియారం మళ్లీ ఒంటిగంటకు వచ్చింది. అప్పుడు మనకు ఉదయం 11:30. ఆ రోజు ఇక్కడ 10:30 నుంచి 12:30 దాకా పనిచేసినవారి రెండు గంటలు న్యూయార్క్ గడియారంలో 1 నుంచి 2 దాకా, అంటే ఒక్క గంటగా కనిపిస్తాయి. మార్చిలో తిరగబడుతుంది. 2025 మార్చి 9న మన మధ్యాహ్నం 12 నుంచి ఒంటిగంట దాకా చేసిన పని అక్కడ 1:30 నుంచి 3:30 దాకా చేసినట్టుంటుంది. చేసింది గంట, కనిపించేది రెండు. ఎవరూ మోసం చేయలేదు గానీ కూడిక మాత్రం తప్పు. ఆ రెండు వారాంతాల్లో సరిగ్గా గంట తేడా వస్తే నేను ముందు మనిషిని అడగను, క్యాలెండర్ చూస్తాను.

కాబట్టి పద్దులో ఒక విడత పనిని ఇలా రాయిస్తాను.

```
start 2025-10-31T14:30Z
end   2025-10-31T20:00Z
zone  America/New_York
```

చివరి Z అంటే యూటీసీ. పైదాన్ని కిందిదాంట్లోంచి తీసేస్తే ఐదున్నర గంటలు, ఏ దేశంలో కూర్చుని తీసినా అంతే. మూడో వరుస రెండో ప్రశ్నకు జవాబు, అంటే ఈ గంటల తేదీని న్యూయార్క్ గడియారం నిర్ణయిస్తుందని ఒప్పందం. డబ్బు కట్టేవారి ఖాతా అక్కడ మూసుకుంటుంది కాబట్టి వాళ్ల ఊరినే పెట్టుకోవడం మేలు. పౌరుషానికి పోయి మన ఊరు పెట్టమనడం వల్ల లాభం లేదు. ఐఎస్‌టీ, సీఎస్‌టీ లాంటి పొట్టి పేర్లు మాత్రం నేను రానివ్వను. ఐఎస్‌టీ అంటే మనకు భారతదేశం, ఐర్లండ్ వాళ్లకు వాళ్ల వేసవి సమయం. సీఎస్‌టీ షికాగోదీ కావచ్చు, చైనాదీ కావచ్చు. ఊరి పేరు రాస్తే వేసవి మార్పు కూడా అందులోనే వచ్చేస్తుంది.

గూగుల్ షీట్‌లో `NOW()` కొట్టి అదే టైమ్‌స్టాంప్ అనుకునేవాళ్లున్నారు. అది షీటుకు పెట్టిన టైమ్ జోన్ ప్రకారం చూపిస్తుంది, మీ ఊరి ప్రకారం కాదు. పైగా షీటు లెక్క తిరగేసినప్పుడల్లా విలువ మారిపోతుంది. పొద్దున పెట్టిన స్టాంపు సాయంత్రానికి సాయంత్రమైపోతుంది.

ఇక కటాఫ్. ఆమె కాంట్రాక్టులో ఉన్నదల్లా శుక్రవారం "ఈఓడీ" లోపు ఇన్‌వాయిస్ పంపాలని. ఎవరి శుక్రవారం? మన సాయంత్రం 5 గంటలు అనుకుంటే ఆ అక్టోబరు 31న న్యూయార్క్‌లో ఉదయం 7:30. అప్పటికి ఆమె ఆ రోజు పని మొదలే పెట్టలేదు, చేయబోయే గంటలకు బిల్లు వేయాలన్నమాట. వాళ్ల సాయంత్రం 5 అనుకుంటే మనకు తెల్లవారుజాము 2:30. పని ముగించాక మిగిలేది గంట, ఆ నిద్రమత్తులో కూడికలు.

చిక్కంతా లెక్క ముగిసే క్షణాన్నీ ఇన్‌వాయిస్ చేరాల్సిన క్షణాన్నీ ఒకటే చేయడంలో ఉంది. అవి రెండు వేర్వేరు గీతలు, మధ్యలో ఊపిరి తీసుకునేంత చోటు ఉండాలి. అప్‌వర్క్‌లో గంటల పనికి వారం ఆదివారం అర్ధరాత్రి యూటీసీకి ముగుస్తుంది, మనకు సోమవారం ఉదయం 5:30. ఎంట్రీలు సరిచూసుకోవడానికి సోమవారం మధ్యాహ్నం 12 యూటీసీ దాకా, అంటే మన సాయంత్రం 5:30 దాకా వ్యవధి ఇస్తారు. నేరుగా ఒప్పందం రాసుకునేవాళ్లు ఈ ఒక్కటి చూసి నేర్చుకున్నా చాలు.

ఆమె చేత క్లయింటుకు రాయించిన వాక్యాల సారం ఇది. నెల న్యూయార్క్ సమయం ప్రకారం ఆఖరి రోజు అర్ధరాత్రికి ముగుస్తుంది. ఇన్‌వాయిస్ ఆ తర్వాతి మొదటి పనిదినం న్యూయార్క్ మధ్యాహ్నం 12 లోపు చేరాలి. అది మనకు చలికాలం రాత్రి 10:30, వేసవిలో 9:30. ఒక విడత పని ఎప్పుడు మొదలైతే ఆ తేదీకే మొత్తం చెందుతుంది, ముక్కలు చేయకూడదు. మరచిపోయిన గంటలు తర్వాతి ఇన్‌వాయిస్‌లో విడి వరుసగా, అసలు తేదీతోనే వస్తాయి. నిమిషాలను రోజు మొత్తం మీద ఒక్కసారే సవరించాలన్నది కూడా చేర్పించాను. ఇరవై నిమిషాల విడతలు మూడింటిని విడివిడిగా పైనున్న పావుగంటకు లాగితే గంట కాస్తా గంటన్నర అవుతుంది. అలాంటి బిల్లు చూసిన క్లయింటు తర్వాత నిజమైన గంటల్నీ నమ్మడు.

ఇన్‌వాయిస్ మీద వేసే తేదీ మాత్రం మనదే. మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, దానికి న్యూయార్క్‌తో సంబంధం లేదు. మార్చి గంటల బిల్లును ఏప్రిల్‌లో వేసేటప్పుడు పని జరిగిన కాలం ఒక చోట, ఇన్‌వాయిస్ తేదీ ఇంకో చోట రాసుకోవాలని మా ఆడిటర్ ప్రతి ఏడాదీ గుర్తుచేస్తాడు.

ఆ గంటన్నరను అక్టోబరు 31 తేదీతో, యూటీసీ స్టాంపులతో సవరించి పంపింది. అకౌంట్స్ నుంచి మారు ప్రశ్న లేదు, 30 డాలర్లు తర్వాతి చెల్లింపులో కలిసి వచ్చాయి. కాంట్రాక్టు సవరణకు కూడా క్లయింటు మేనేజరు ఒప్పుకున్నాడు. సంతకం చేసి ఎప్పటికి పంపిస్తాడో కూడా రాశాడు: శుక్రవారం, ఈఓడీ.