తగరపు ట్యూబులో వెలుతురు

ఒకప్పుడు ఆరుబయట బొమ్మ వేయాలంటే తైలవర్ణాన్ని పంది మూత్రాశయంతో చేసిన తిత్తిలో కట్టుకెళ్లేవారు. మేకుతో పొడిచి పిండాలి. ఆ చిల్లు మళ్లీ సరిగా మూసుకోదు, గాలి తగిలి రంగు గట్టిపడేది. 1841లో జాన్ రాండ్ అనే చిత్రకారుడు తగరపు ట్యూబుకు పేటెంట్ పొందాడు. కావలసినంత పిండుకుని మూత బిగిస్తే చాలు. 1870లో ట్రూవిల్ సముద్రపుటొడ్డున మోనే వేసిన చిత్రంలో ఇసుక రేణువులు ఇప్పటికీ రంగుకు అంటుకునే ఉన్నాయి. అక్కడే కూర్చుని వేశాడనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి!

ఇలా ఆరుబయట బొమ్మలు వేసిన మోనే, అతని తోటి ఇంప్రెషనిస్టు చిత్రకారులు ఫొటోతో మాత్రం నునుపులో పోటీపడలేదు. నాటి కెమెరాలో కదిలే మనిషి తరచూ మసకబారేవాడు, అది లోపమే. మోనే వేసిన కపుసీన్ వీధి చిత్రంలో జనం అలాంటి మసక మరకలే, కానీ నడుస్తున్నట్టుంటారు. 1874లో ఆ చిత్రకారుల తొలి ప్రదర్శన జరిగింది ఫొటోగ్రాఫర్ నాదార్ పాత స్టూడియోలోనే.