కంచె దగ్గర ఎంత?

వినాయక చవితి దగ్గరపడుతుంటే మా గుడి చుట్టుపక్కల ఇళ్లకు ఒక నోటీసు వెళ్తుంది. న్యూజెర్సీలో ఇళ్ల మధ్యనే ఉన్న గుడి మాది. ఆ నోటీసు రాసే పని కొన్నేళ్లుగా నా పాలిట పడింది. అంతకుముందు వాడిన ప్రతిలో ఒక్క వాక్యమే ఉండేది: మైకు శబ్దం వీలైనంత తక్కువగా ఉంచుతాం, దయచేసి సహకరించండి. మర్యాదకు లోటు లేదు. కానీ ఫిర్యాదు చేద్దామనుకున్న మనిషికి అందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పాట ఎక్కువైందని అతను అంటాడు, లేదని మనం అంటాం, మాటా మాటా పెరుగుతుంది.

ఇలాంటి కొలతలేనితనం ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో సామ్యూల్ సాయా అనే యెహోవా సాక్షి ప్రచారకుడు కారు మీద లౌడ్‌స్పీకర్లు బిగించి, ఆదివారాలు పార్కులో మతోపన్యాసాలు ఇచ్చేవాడు. ఊరి నిబంధన ప్రకారం దానికి పోలీసు అధికారి అనుమతి కావాలి. మొదట ఇచ్చారు. గొడవగా ఉందని ఫిర్యాదులొచ్చాక మళ్లీ ఇవ్వలేదు. అయినా మాట్లాడినందుకు అతనికి శిక్ష పడింది. 1948లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ నిబంధనను కొట్టేసింది. ఎందుకంటే ఎంత శబ్దం, ఏ వేళ అన్న ప్రమాణమేదీ అందులో లేదు, అంతా ఆ అధికారి ఇష్టానికి వదిలేశారు. వేళను, శబ్దాన్ని కచ్చితంగా నిర్దేశించే నియమమైతే పెట్టుకోవచ్చని కూడా కోర్టు అంది. మా పాత నోటీసుకూ అదే జబ్బు. కాకపోతే ఇక్కడ ఇష్టం పోలీసులది కాదు, మైకు పట్టుకున్నవాళ్లది.

కొలత రాసుకున్న ఊరు ఎలా ఉంటుందో చూడాలంటే మిషిగన్‌లోని హామ్‌ట్రామిక్‌కు వెళ్లాలి. రెండు చదరపు మైళ్ల చిన్న ఊరు, చుట్టూ దాదాపు అంతా డెట్రాయిట్. ఒకప్పుడు పోలండ్ నుంచి వచ్చిన కేథలిక్కుల ఊరు. తర్వాత బంగ్లాదేశీయులు, యెమెనీలు చేరారు. అక్కడి అల్-ఇస్లాహ్ మసీదు అజాన్‌ను మైకులో వినిపిస్తామని అడిగింది. 2004 ఏప్రిల్‌లో నగర కౌన్సిల్ శబ్ద నిబంధనను సవరించింది. చర్చి గంటలనూ అజాన్‌నూ ఒకే వాక్యంలో పెట్టి, ఉదయం 6 నుంచి రాత్రి 10 మధ్య, ఒక్కోసారి 5 నిమిషాలకు మించకుండా అని రాశారు. నచ్చనివాళ్లు సంతకాలు సేకరించి ఓటింగ్ పెట్టించారు. ఆ జూలైలో సవరణే నెగ్గింది. ఇందులో చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. ఆ సవరణకు ముందు కూడా అజాన్‌ను నిషేధించే నియమమేదీ ఆ ఊళ్లో లేదు. సవరణ ఓడిపోయి ఉంటే అజాన్ ఆగేది కాదు, వేళాపాళా మీద నగరానికి వచ్చిన పట్టు పోయేది. అంటే శబ్దాన్ని వ్యతిరేకించినవాళ్లు, దానికి హద్దు పెట్టే కాగితాన్నే చింపేయమని అడిగారన్నమాట.

కాబట్టి నోటీసులో నేను ముందు పెట్టేది వేళలు, ఆ తర్వాత ఒక అంకె. ఆ అంకె కోసం మేం పెద్దగా వెతకలేదు. న్యూజెర్సీ రాష్ట్ర శబ్ద నిబంధనల్లో ఇళ్ల హద్దు దగ్గర ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు 65 డెసిబెల్స్, ఆ తర్వాత 50 అని ఉంది. అది గుడికి ఎంతవరకు వర్తిస్తుందన్న తర్జనభర్జన మాని, మేమే దాన్ని హద్దుగా పెట్టుకున్నాం. మీ టౌన్‌షిప్‌కు సొంత నియమం ఉండొచ్చు, క్లర్క్‌ను అడగండి.

ఈ అంకె స్పీకర్ దగ్గర కొలిచేది కాదు, కంచె దగ్గర కొలిచేది. కమిటీలో పెద్దలకు ఇది ఎక్కించడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆరుబయట స్పీకర్ నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 అడుగుల దగ్గర 90 ఉంటే, 20 దగ్గర 84, 40 దగ్గర 78, 80 దగ్గర 72, 160 అడుగుల దగ్గర 66. మా కంచె రమారమి అంత దూరం. అంటే పందిట్లో బాగానే ఉందనిపించిన పాట కంచె దగ్గర హద్దు దాటేసింది. పది డెసిబెల్స్ తగ్గిస్తే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది, పందిట్లో వెనక కూర్చున్నవాళ్లు వినిపించట్లేదంటారు. దీనికి మందు నాబ్ కాదు, స్పీకర్ల అమరిక. రెండు పెద్దవాటి బదులు నాలుగైదు చిన్నవి జనం మధ్యన, కిందికి వంచి, వీపు ఇళ్లవైపు ఉండేలా పెడితే ప్రతివాళ్లకూ స్పీకర్ దగ్గరౌతుంది కనుక ఏదీ గట్టిగా మోగనక్కర్లేదు.

"ఆంటీ, ఫోన్‌లో 63 చూపిస్తోంది. మరి ఆ ఇంటాయన కిటికీలు అదురుతున్నాయంటున్నాడేంటి?" అని పోయినసారి సౌండ్ చూసుకునే కుర్రాడు అడిగాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మామూలుగా మనం చూసే డెసిబెల్ లెక్క మనిషి చెవికి సరిపడేలా అడుగు స్వరాలకు మార్కులు తగ్గించి వేస్తుంది. సబ్‌వూఫర్ దరువు మీటర్‌లో చిన్నగా కనిపిస్తుంది గానీ గోడల్లోంచి దూరిపోతుంది. మీటర్‌ను C సెట్టింగ్‌లోకి మారిస్తే అంకె గబుక్కున పైకి లేస్తుంది. ఆ రెండు అంకెలకీ తేడా బాగా ఎక్కువుంటే సబ్‌వూఫర్ తీసేయడమే. భజనకు దానితో పనేముంది? మేం కొలవడానికి ఐఫోన్‌లో ఉచితంగా దొరికే NIOSH SLM వాడతాం. గాలి మైకుకు తగిలితే తప్పు అంకె వస్తుంది, అందుకని గాలి ఆగిన క్షణం చూసుకోవాలి. పక్క రోడ్డు మీద కార్ల రొదే 60 ఉంటే, పాట ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి కొలవాలి. ఇది మన జాగ్రత్తకే, అధికారులు తమ మీటర్‌తో వస్తే లెక్క వాళ్లదే.

ఇక నోటీసులో అసలు వాక్యం. ఫలానా తేదీ, సాయంత్రం 5 నుంచి 8:30 వరకు మైకు ఉంటుంది, ఇబ్బందైతే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి, పది నిమిషాల్లో తగ్గిస్తాం. ఆ నంబర్ గుడి ఆఫీసుది కాకూడదు. పండగరోజు ఆఫీసులో ఫోన్ ఎవరూ ఎత్తరు. మిక్సర్ పక్కన నిలబడే మనిషిదై ఉండాలి. ఎత్తగానే "ఏ వైపు ఇల్లండీ?" అని అడిగి, మాట్లాడుతూనే నాబ్ తగ్గించాలి. మా కమిటీ పెద్దాయన ఒకరు "అమ్మా, నంబరిస్తే మనమే పిలిచి తిట్టించుకున్నట్టు కాదూ?" అన్నారు. మనకు ఫోన్ రాకపోతే ఆ ఫోన్ పోలీసులకు వెళ్తుందండీ, అన్నాను. ఇళ్లకు పంపే నోటీసు ఇంగ్లీషులో వెళ్తుంది. భక్తులకు తెలుగులో వేరే కాగితం ఉంటుంది: పార్కింగ్ లాట్‌లో కారు పాటలు వద్దు, హారన్లు వద్దు, 8:30కి మైకు ఆపేస్తారు, ఇంకొక్క పాట అని అడగొద్దు. నిజం చెప్పాలంటే ఈ రెండో కాగితమే కష్టం. ఇంకొక్క పాట అడిగేవాళ్లలో దాతలు కూడా ఉంటారు.

నోటీసు తీర్చలేనిది ఒక్కటుంది, డప్పులు. వాటికి నాబ్ లేదు, కంచె దగ్గర ఎంత వస్తుందో ముందే మాట ఇవ్వలేం. అందుకే నిమజ్జనం ఊరేగింపును చీకటి పడకముందే, ఇళ్లకు దూరంగా ఉన్న లాట్‌లో అరగంటకు కుదించాం. నోటీసులో ఆ అరగంటను విడిగా, అది గట్టిగానే ఉంటుందని దాచకుండా రాస్తాను.