డబ్బా మీద రాయని మందు

మొహం చందమామలా గుండ్రమైపోయింది. మెడ వెనక కొవ్వు పేరుకుంది, పొట్ట పెరిగింది, కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడ్డాయి. పొట్ట మీద వేలెడు వెడల్పున ఊదారంగు చారలున్నాయి. కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోతోంది. ఎండోక్రినాలజిస్టు గదిలోకి ఇలాంటి ఒకామె వచ్చిందనుకుందాం. ఒంట్లో కార్టిసాల్ అతిగా ఉన్నప్పుడు కనిపించే కుషింగ్స్ లక్షణాలివి. మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలోనో, మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథుల్లోనో గడ్డ ఉంటే ఇలా అవుతుంది. అందుకని ముందు స్కానింగులు రాసేయాలనిపిస్తుంది. మంచి డాక్టరు ఇక్కడే ఆగుతారు. ఆ ఆగడంలో ఉన్న పనితనం గురించే ఈ వ్యాసం.

ఆయన ముందు మొహాన్ని వెలుతురులో చూస్తారు. బుగ్గల మీద చర్మం పల్చబడి మెరుస్తోంది, కింద సన్నని ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తున్నాయి, నూగు పెరిగింది, మొటిమలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. కుషింగ్స్ ఏ కారణంతో వచ్చినా చర్మం పల్చబడుతుంది. కానీ ఆ మార్పంతా మొహం, మెడ దగ్గరే ఎక్కువగా ఉంటే అక్కడ ఏదో రాస్తున్నారనే అనుమానం రావాలి. ఆ అనుమానాన్ని మనసులో ఉంచుకుని ఆయన రాసే మొదటి పరీక్షలు రెండే: ఉదయం 8 గంటలకు తీసిన రక్తంలో కార్టిసాల్, ఏసీటీహెచ్.

కార్టిసాల్ ఉదయంపూట మామూలుగా డెసిలీటరుకు 5 నుంచి 25 మైక్రోగ్రాముల మధ్య ఉంటుంది. ఈమెకు 1 కూడా లేదు. అడ్రినల్‌కు పిట్యూటరీ పంపే ఆదేశం ఏసీటీహెచ్. అదీ అడుగంటింది. ఒళ్లు చూస్తే కార్టిసాల్ పొంగిపొర్లుతున్నట్టుంది, రిపోర్టు చూస్తే అసలు లేనట్టుంది. రిపోర్టు తప్పని తోసేయకుండా, ఒంటి మీది లక్షణాలనూ కొట్టిపారేయకుండా, రెండూ నిజమేనని నమ్మి వాటిని కలిపే కారణం వెతకడంలోనే ఈ విద్య అందమంతా ఉందని నా అభిప్రాయం.

కారణం ఇది. ల్యాబ్ పరీక్ష మన ఒంట్లో తయారైన కార్టిసాల్‌ను పట్టుకునేలా తయారైంది. క్లోబెటసాల్, బీటామెథసోన్, డెక్సామెథసోన్ లాంటి కృత్రిమ స్టెరాయిడ్లు దానికి దాదాపు కనిపించవు. ఒంటికి మాత్రం అవి కార్టిసాల్ కంటే ఎన్నో రెట్లు బలమైనవి. అవి రక్తంలో చేరగానే పిట్యూటరీ ఇక చాలనుకుని ఏసీటీహెచ్ ఆపేస్తుంది. ఆదేశం అందని అడ్రినల్ నెలల తరబడి పని మానేసి కుంచించుకుపోతుంది. అంటే కుషింగ్స్ మొహం, అడుగంటిన కార్టిసాల్ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తే స్టెరాయిడ్ బయటి నుంచి వస్తోందన్నమాట. ఒక మినహాయింపు ఉంది. ప్రెడ్నిసొలోన్‌ను కొన్ని పరీక్షలు కార్టిసాల్‌గానే లెక్కేస్తాయి, కాబట్టి అది వాడేవాళ్లలో అంకె నమ్మదగ్గది కాదు.

ఈ క్రమం తెలియకపోతే ఎలా పొరబడతారో కూడా చూడాలి. కుషింగ్స్ అనుమానం రాగానే రాత్రి ఒక డెక్సామెథసోన్ బిళ్ల ఇచ్చి, పొద్దున కార్టిసాల్ తగ్గిందా లేదా అని చూసే పరీక్ష ఒకటుంది. ఈమెకు అదొక్కటే చేస్తే కార్టిసాల్ తక్కువే వస్తుంది, పరీక్ష 'నార్మల్' అవుతుంది. కుషింగ్స్ లేదని చెప్పి ఇంటికి పంపేస్తారు. ఆమె మొహానికి రాస్తున్నదే మళ్లీ రాసుకుంటుంది.

తరవాతి పని మాటలతో. 'స్టెరాయిడ్ వాడుతున్నారా?' అని అడిగితే లాభం లేదు. 'లేదండీ, మందులేవీ వేసుకోను' అంటుంది, ఆమె దృష్టిలో అది నిజమే. అందుకే ఆయన వేరేలా అడుగుతారు. 'మొహానికి ఏం రాస్తారమ్మా? పార్లర్లో ఏమైనా ఇచ్చారా? నొప్పులకు పొడులూ లేహ్యాలూ ఏవైనా? ఒక డబ్బా ఎన్నాళ్లకు అయిపోతుంది? ఇంట్లో ఉన్నవన్నీ సంచిలో వేసుకుని రేపు తీసుకురండి.' మర్నాడు ఆ సంచిలోంచి మూలికల బొమ్మ ఉన్న, తయారీదారు చిరునామా లేని ఫెయిర్‌నెస్ క్రీము డబ్బా ఒకటి బయటికొస్తుంది. 'ఇది హెర్బలే కదండీ' అంటుంది ఆమె.

డబ్బా ఎన్నాళ్లకు అయిపోతుందన్న ప్రశ్నలో లెక్క ఉంది. ట్యూబు నుంచి చూపుడువేలి కొసంత పొడవు క్రీము అర గ్రాము. మొహానికీ మెడకూ అలాంటివి రెండున్నర పడతాయి. రోజుకు రెండుసార్లు రాస్తే రెండున్నర గ్రాములు. క్లోబెటసాల్ రోజుకు 2 గ్రాములు రాసినా అడ్రినల్ అణిగిపోవచ్చని ఆ మందు సమాచార పత్రమే హెచ్చరిస్తుంది, రెండు వారాలు మించి వాడొద్దంటుంది. పైగా మొహం చర్మం ముంజేయి చర్మం కంటే స్టెరాయిడ్‌ను ఎన్నో రెట్లు పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి రాసిన 'కేవలం క్రీము' ఒంటినంతా మార్చేయడంలో వింతేమీ లేదు.

అనుమానాన్ని రుజువు చేసేది రసాయన పరీక్ష. ఇందులో నాకు ఎంతో నచ్చిన పని లండన్‌లో జరిగింది, 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. చర్మవ్యాధుల క్లినిక్‌కు వచ్చినవాళ్లు వాడుతున్న చైనా మూలికా క్రీములు 11 సేకరించి, గ్యాస్ క్రొమటోగ్రఫీతో పదార్థాలను విడదీసి, మాస్ స్పెక్ట్రోమెట్రీతో వాటిని గుర్తుపట్టారు. 11లో 8 క్రీముల్లో డెక్సామెథసోన్ దొరికింది. గ్రాముకు సగటున 456 మైక్రోగ్రాములు. కానీ ఆ మోతాదు ఒక క్రీములో 64, ఇంకొక దాంట్లో 1,500 ఉంది. నాకు భయం వేసేది ఈ తేడా చూసే. ఏ డబ్బాలో ఎంత పడిందో ఎక్కడా రాసి ఉండదు, కొన్నవాళ్లకు తెలిసే దారి లేదు. వాళ్లు పరీక్షించినవి చర్మ జబ్బులకు ఇచ్చినవి, తెలుపు కోసం కాదు. మోసం తీరు మాత్రం ఇదే.

మన దేశంలో 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మందుషాపులో పేరున్న ట్యూబుకు ఆ నిబంధన వర్తిస్తుంది. లోపలున్న మందు పేరే రాయని డబ్బాను అది ఎలా పట్టుకుంటుంది?

కారణం దొరికాక ఆ డబ్బా వెంటనే పారేయమనడం తేలిక. దానికి ముందే డాక్టరు అడ్రినల్ సంగతి ఆలోచించాలి. నిద్రపోతున్న గ్రంథి ఒక్కరోజులో లేవదు. క్రీము ఆపిన ఆమెకు జ్వరమో విరేచనాలో వస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ బిళ్లలు ఇచ్చి, క్రీము మాన్పించి, ఉదయం కార్టిసాల్‌ను మళ్లీమళ్లీ చూస్తారు. బిళ్ల వేసుకోక ముందు తీసిన రక్తంలో అది 10 దాటితే గ్రంథి కోలుకున్నట్టే. 5 కంటే తక్కువుంటే బిళ్లలు కొనసాగించాలి. దీనికి నెలలు పట్టొచ్చు, కొందరికి ఏడాది దాటొచ్చు. మధ్యలో జబ్బు చేస్తే మోతాదు ఎంత పెంచాలో ముందే కాగితం మీద రాసిస్తారు. క్రీము ఆపిన కొన్నాళ్లకు మొహం ఎర్రబడి మండుతుందని, అది కొత్త జబ్బు కాదని, మళ్లీ ఆ డబ్బా జోలికి వెళ్లొద్దని కూడా ముందే చెబుతారు. ఆ మాట చెప్పకపోతే పట్టుకున్న జబ్బు మళ్లీ చేజారుతుంది. మంట తగ్గించేది ఆ క్రీమే కాబట్టి, అదే తన మందని ఆమె నమ్ముతుంది.

మీ ఇంట్లో ఎవరైనా పేరూ ఊరూ లేని ఫెయిర్‌నెస్ క్రీము నెలల తరబడి రాస్తుంటే తిట్టకండి, సొంతంగా ఆపించనూ వద్దు. ఆ డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇప్పటికే ఆపేసి ఉండి వాంతులు, కళ్లు తిరగడం, లేవలేనంత నీరసం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, అక్కడ ముందుగా క్రీము సంగతి చెప్పండి.