మూడు గడియారాల మధ్య బ్రహ్మానందం

సికింద్రాబాద్ వెస్ట్ మారేడుపల్లిలో ఇంటి నుంచే పనిచేసే టెస్టింగ్ లీడ్ ఒకరు మా టీమ్‌లో ఉన్నారు. జూనియర్లందరికీ ఆమె అక్క. టెస్టింగ్‌లో ఆమె పనితనం గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. స్లాక్‌లో ఆమె వేసే జోకుల గురించి మాత్రం ఎవరూ ఎక్కడా రాయలేదు. అందులో ఉన్న పనితనం కూడా తక్కువదేం కాదని నా గట్టి నమ్మకం.

మా టీమ్‌లో సగం మంది జంట నగరాల్లో, నలుగురైదుగురు లండన్‌లో, మిగతావాళ్లు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. వేసవిలో ఇక్కడ రాత్రి ఏడున్నర అయితే డాలస్‌లో ఉదయం తొమ్మిది, లండన్‌లో మధ్యాహ్నం మూడు. మూడు చోట్లవాళ్లూ ఒకేసారి మెలకువగా, పని దగ్గర ఉండే సమయం రోజుకి రెండు మూడు గంటలకు మించదు. మిగతా వేళల్లో ఎవరు జోకేసినా సగం టీమ్ అక్కడ ఉండదు. వాళ్లు లేచాక, ముందు రాత్రి మెసేజులన్నీ పైకి జరుపుతూ చదువుతున్నప్పుడు ఆ జోకు కంటపడుతుంది. ఎదురుగా కూర్చున్నవాడి ముఖం చూసి ఒక్క క్షణం ఆగి మాట విసరడమే హాస్యంలో టైమింగ్ అంటాం కదా, ఆ క్షణం ఇక్కడ వేసేవాళ్ల చేతిలో ఉండదు. ఎప్పుడు చదవాలో చదివేవాళ్ల నిద్ర నిర్ణయిస్తుంది.

రోజులు కూడా కలవవు. మనకు సోమవారం పొద్దున పది గంటలంటే డాలస్‌లో ఇంకా ఆదివారం రాత్రి పదకొండున్నర. అప్పుడే వారం మొదలైందని మనం వేసుకునే ఏడుపు జోకు అక్కడివాళ్లకు సెలవు చివరి గంటల్లో వెళ్లి తగులుతుంది. వాళ్లు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పెట్టే డాన్స్ జిఫ్ మనకు శనివారం తెల్లవారుజామున రెండున్నరకి వస్తుంది. దాన్ని మనం సోమవారం చూస్తాం. అప్పటికి అందులో ఉత్సాహం ఏం మిగులుతుంది?

అక్క జోకుల్లో ఒకటి ముక్కముక్కగా చెబుతాను. ఒక మంగళవారం ఉదయం పదకొండుకి ఒక బిల్డ్ ఫెయిలైంది. లాగిన్‌కి సంబంధించిన టెస్టు ఒకటి పాస్ కాలేదు. కుర్రాడొకడు మళ్లీ రన్ చేశాడు, మళ్లీ ఫెయిల్. మూడోసారి పాసైంది. కోడ్ ఏమీ మార్చలేదని, ఇప్పుడు అంతా బాగుందని సంతోషంగా ఛానెల్‌లో రాశాడు. టెస్టింగ్ తెలిసినవాళ్లకి ఇది సంతోషించాల్సిన వార్త కాదు. ఏమీ మార్చకుండా పాసైన టెస్టు, ఏమీ మార్చకుండానే మళ్లీ ఫెయిలవుతుంది.

ఇలాంటప్పుడు మామూలుగా రెండే పనులు చేస్తాం. నలుగురి ముందూ వాడికి పాఠం చెబుతాం, లేదా ఒక పెద్ద జిఫ్ తెచ్చి ఛానెల్‌లో పడేస్తాం. అక్క ఈ రెండూ చేయలేదు. వాడి మెసేజ్ కింద ఒక రియాక్షన్ పెట్టారంతే. అది ఆమె స్వయంగా తయారుచేసిన బొమ్మ. `:brahmi_doubt:` అని టైప్ చేస్తే వస్తుంది. బ్రహ్మానందం ముఖం, రెండు సెకన్ల కదలిక. ముందు వింటున్నట్టు చూస్తాడు, తర్వాత నమ్మలేనట్టు కళ్లు మెల్లగా పక్కకి తిప్పుతాడు.

పదకొండుకి డాలస్‌లో అర్ధరాత్రి దాటి అరగంట. జిఫ్ పెట్టి ఉంటే అది కొత్త మెసేజే, అన్ని మెసేజులకూ నోటిఫికేషన్లు పెట్టుకుని, రాత్రి ఆపుకోని ఫోన్లన్నీ మోగేవి. రియాక్షన్ అలా కాదు. దానివల్ల ఛానెల్ చదవని మెసేజులున్నట్టు కనిపించదు. కబురు ఆ మెసేజ్ రాసిన ఒక్కరికే వెళ్తుంది. అంటే అక్క వేసిన జోకు ముందు ఆ కుర్రాడికి మాత్రమే, దాదాపు చెవిలో చెప్పినట్టుగా చేరింది. మధ్యాహ్నం రెండింటికి లండన్‌లో ఒకరు పనిలోకి వచ్చి అదే బొమ్మ మీద నొక్కారు. పక్కన అంకె రెండైంది. రాత్రికి ఫ్రిస్కోవాళ్లు లేచి చదివారు. ఎన్ని మెసేజుల వెనక్కి వెళ్లినా ఆ బొమ్మ తన కారణాన్ని అంటిపెట్టుకునే ఉంది కాబట్టి, దేని గురించో వెతుక్కోవాల్సిన పని ఎవరికీ పడలేదు. అంకె ఏడు దాకా వెళ్లింది. పదకొండింటికి వేసిన జోకుకి ఆఖరి నవ్వు రాత్రి ఎనిమిదికి వచ్చింది, అయినా ఎక్కడా పాతబడలేదు.

ఆ కుర్రాడు మొదటి బొమ్మ చూడగానే మళ్లీ లాగ్ తెరిచాడు. రెండు టెస్టులు ఒకే యూజర్ అకౌంట్‌తో లాగిన్ అవుతున్నాయి. రెండూ ఒకేసారి నడిస్తే ఒకటి రెండోదాన్ని బయటికి తోసేస్తోంది, వెనకా ముందూ నడిస్తే ఏ గొడవా లేదు. సాయంత్రానికి దేని అకౌంట్ దానికి పెట్టేశాడు. వాడిని ఒక్క మాట అన్నవాళ్లు లేరు.

ఇక ఆ బొమ్మ తయారీ సంగతి. స్లాక్‌లో మన సొంత ఎమోజీ పెట్టుకోవాలంటే బొమ్మ చదరంగా, 128 కేబీ లోపు ఉంటేనే బాగా కుదురుతుంది. తెరమీద కనిపించేది మాత్రం చిటికెన వేలి గోరంత. ఆ సైజులో చేతులు కనబడవు, వెనక ఉన్న సోఫా కనబడదు, పక్క నటుడు ఒక మరకలా మిగులుతాడు. అందుకే అక్క నుదుటి నుంచి గడ్డం దాకా మాత్రమే ఉంచి మిగతాదంతా కత్తిరిస్తారు. జిఫ్‌లో ఒక ఫ్రేముకి 256 రంగులకు మించి పట్టవు. వెనకాల పూల కర్టెన్ ఉంటే ఆ రంగులన్నీ అదే తినేస్తుంది, ముఖానికి మచ్చలు పడతాయి. ఫైలు బరువు ఎక్కువైతే కొత్తవాళ్లు బొమ్మను మసకగా చేస్తారు. అక్క ఫ్రేములు తగ్గిస్తారు. సెకనుకి ఎనిమిది ఫ్రేములున్నా కనుపాప కదలిక తెలుస్తుంది కానీ, మసకబారితే ఏమీ తెలియదు అంటారు.

జిఫ్‌లో ప్రతి ఫ్రేమూ ఎంతసేపు నిలవాలో సెకనులో వందో వంతు లెక్కన విడివిడిగా రాసుకోవచ్చు. కళ్లు పక్కకి తిరిగిన ఆఖరి ఫ్రేముని ఆమె దాదాపు సెకనున్నర ఆపుతారు. ఆపకపోతే ముఖం తిరిగిన మరుక్షణమే మళ్లీ మొదటికి వచ్చి, తల ఊపుతున్న బొమ్మలా అయిపోతుంది, అనుమానం పోతుంది. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది మొదటి ఫ్రేము. కదిలే బొమ్మలు పడనివాళ్లు స్లాక్‌లో వాటిని ఆపేసుకోవచ్చు. మా లండన్ సహోద్యోగి ఒకరు తలనొప్పి వస్తుందని ఆపేసుకున్నారు. అలాంటివాళ్లకు కనిపించేది నిలిచిపోయిన బొమ్మ ఒక్కటే. అందుకని కళ్లు పక్కకి తిరిగిన ఫ్రేమునే అక్క రెప్పపాటు ముందు పెట్టి, ఆ తర్వాత కదలిక మొదలుపెడతారు. కదలకపోయినా జోకు అందాలి. అందరికీ కదిలే బొమ్మే కనిపిస్తుందనుకునే చోట ఒక్కరి తలనొప్పిని గుర్తుపెట్టుకుని చేసిన పని ఇది.

బ్రహ్మానందమే ఎందుకని అడిగితే తెలుగువాళ్లెవరూ జవాబు కోసం వెతుక్కోరు. కానీ లండన్‌లో ఆయన సినిమా ఒక్కటీ చూడనివాళ్లు కూడా అదే బొమ్మని నొక్కుతున్నారంటే కారణం అభిమానం ఒక్కటే అయి ఉండదు. ఆయన ముఖంలో భావం ఒక్కసారిగా మారదు. ముందు కళ్లు, తర్వాత బుగ్గలు, ఆ తర్వాత పెదవి, ఒక్కోటీ తన వంతు వచ్చాకే కదులుతుంది. అందుకే రెండు సెకన్ల ముక్క కోసినా అందులో మొదలూ ముగింపూ దొరుకుతాయి. ఆయనకి పేరు తెచ్చిన జంధ్యాల సినిమా ‘అహ నా పెళ్ళంట’ వచ్చింది 1987లో. కంప్యూసర్వ్ అనే అమెరికా సంస్థ జిఫ్ ఫార్మాట్‌ని విడుదల చేసింది కూడా 1987లోనే. కాకతాళీయమే అయినా, ఆయనా జిఫ్ కూడా ఒకరికోసం ఒకరు ఎదురుచూశారని అనుకోవడం నాకు ఇష్టం.

మాటలున్న మీమ్ అయితే ఫ్రిస్కోలోని గుంటూరు కుర్రాడికి అందుతుంది, లండన్‌కి అందదు. అక్క ఛానెల్‌లో డైలాగు ఉన్న బొమ్మలు పెట్టరు. తెలుగువాళ్లం మాత్రమే ఉన్న చిన్న గ్రూపులో పెడతారు, అక్కడ వాటికి హద్దే లేదు. లష్కర్ బోనాలప్పుడు మాత్రం ఒకసారి పెద్ద ఛానెల్‌లోనే వేపమండలు, పైన దీపం ఉన్న కుండ బొమ్మ పెట్టి, ఈ ఆదివారం మా ఉజ్జయిని మహంకాళి అమ్మవారి బోనాలు, సోమవారం మేం దొరకం అని ఒక్క వాక్యం ఇంగ్లిష్‌లో రాశారు. ఆ వాక్యం ఉండబట్టే అప్పటి నుంచి ఫ్రిస్కోలో ఎవరు సెలవు పెట్టినా ఆ కుండ బొమ్మే పెడుతున్నారు.

మామూలు ఎమోజీల విషయంలో ఆమె ఇంకా జాగ్రత్త. పుర్రె బొమ్మ ఇరవై ఏళ్లవాళ్లకి నవ్వలేక చచ్చానని చెప్పడం. అదే బొమ్మ చూసి యాభై దాటిన మా మేనేజర్, ఇంట్లో ఎవరికి ఏమైందోనని కంగారుపడి ఫోన్ చేశారు. కళ్ల బొమ్మ, `:eyes:`, మా ఛానెల్‌లో పని చూస్తున్నాననడానికి గుర్తు. కొత్తగా చేరిన అమ్మాయికి అది తన తప్పు మీద పడిన చూపులా అనిపించింది. ఆ తర్వాత ఛానెల్ పైన ఏ బొమ్మకి ఏమర్థమో అక్క నాలుగు లైన్లు రాసి పిన్ చేశారు. వాటిలో పుర్రె లేదు.

జోకు బెడిసికొట్టిన రోజూ ఉంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఎవరో ఈ రిలీజు నిద్రలో కూడా నడుస్తుందని రాసి, గంతులేసే జిఫ్ ఒకటి పెట్టారు. నలుగురు దాని కింద థ్రెడ్‌లో నవ్వారు. రాత్రి తొమ్మిదికి ప్రొడక్షన్ పడిపోయింది. ఫ్రిస్కోలో మీటింగుల్లోంచి లేచి వచ్చిన మేనేజర్ ఏం జరిగిందోనని ఛానెల్ తెరిచి పైకి వెళ్తుంటే, ఎర్రర్ మెసేజులకు కాస్త పైన ఆ గంతులు ఆగకుండా నడుస్తున్నాయి. వేసినప్పుడు అది జోకే. చదివినప్పటికి వెక్కిరింపైంది. జిఫ్‌ని తీసేసినా, కింద జవాబులున్నాయి కాబట్టి ఆ చోట మెసేజ్ తొలగించారన్న గుర్తు మిగిలింది. దాన్ని చూస్తే ఇంకా అనుమానంగా ఉంది. రియాక్షన్ అయితే పెట్టినవాళ్లు మళ్లీ నొక్కితే చాలు, ఆనవాలు లేకుండా పోతుంది. ఏదైనా పడిపోయిందని తెలియగానే అక్క చేసే మొదటి పని ఇదే. ఆ రోజు తాను పెట్టిన నవ్వు బొమ్మలన్నీ వెనక్కి వెళ్లి ఒక్కొక్కటీ తీసేస్తారు. అర నిమిషం పడుతుంది. తర్వాత లాగ్ తెరుస్తారు.

ఎలా అలవాటైందని అడిగితే, “నవ్వించడం తర్వాతండీ, ముందు ఎవర్నీ నిద్ర లేపకూడదు కదా” అన్నారు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికావాళ్లు గడియారం వెనక్కి తిప్పుకున్నాక డాలస్‌లో తొమ్మిదంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఆ నాలుగు నెలలూ అక్క తన సరదాలన్నీ ఒక గంట ఆలస్యంగా మొదలుపెడతారు.

స్లాక్‌లో ఎవరి పేరు మీద నొక్కినా, వాళ్లున్న చోట ఇప్పుడు టైమెంతో కనిపిస్తుంది. ఈసారి జిఫ్ పంపేముందు దాన్ని ఒక్కసారి చూడండి. అక్కడ అర్ధరాత్రయితే రియాక్షన్‌తో సరిపెట్టండి.